వెళ్లే ఉద్యోగికి రాసే లేఖలో బెదిరింపు ఎక్కువ, లెక్క తక్కువ

రాజీనామా చేసిన ఉద్యోగికి హెచ్ఆర్ నుంచి వచ్చే చివరి మెయిళ్లలో ఒకటి దాదాపు అన్ని కంపెనీల్లోనూ ఒకేలా ఉంటుంది. "మీ దగ్గరున్న కంపెనీ ఆస్తులన్నీ వెంటనే అప్పగించాలి. గోప్యత నిబంధనలు ఉల్లంఘిస్తే చట్టపరమైన చర్యలు తప్పవు." ఏ ఆస్తులు, ఎవరికి, ఏ రోజు, ఎలా అన్నది అందులో ఉండదు. తర్వాత వచ్చే తగాదాల్లో చాలావరకు ఈ ఖాళీల్లోంచి పుట్టేవే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఆఫీసు గచ్చిబౌలిలో, ఉద్యోగి విజయవాడలో ఇంటి నుంచే పని చేస్తున్నారు. ఆఖరి పనిదినం శుక్రవారం. "ఆఖరి రోజునే ల్యాప్‌టాప్ అప్పగించాలి" అని లేఖలో రాస్తే అది జరిగే పని కాదు. శుక్రవారం సాయంత్రం దాకా హ్యాండోవర్ కాల్స్ ఆ ల్యాప్‌టాప్ మీదే నడుస్తాయి, కొరియర్ అబ్బాయి శనివారమో సోమవారమో వస్తాడు. ఈలోగా "అప్పగించలేదు" అని రిలీవింగ్ లెటర్ ఆపేస్తారు. కాబట్టి లేఖ ఆఖరి రోజున కాదు, కనీసం పది రోజుల ముందు వెళ్లాలి. అందులో రెండు గడువులు విడివిడిగా ఉండాలి: లాగిన్‌లు ఆగేది శుక్రవారం సాయంత్రం ఆరింటికి, పికప్ సోమవారం. పెట్టె, లోపలి ఫోమ్ కంపెనీయే పంపడం మేలు. పాత అట్టపెట్టెలో ఛార్జర్‌ను ల్యాప్‌టాప్ మూత మీదే పెట్టి పంపితే దారిలో స్క్రీన్ పగులుతుంది. పగిలింది ఇంట్లోనా దారిలోనా అన్న వాదన ఆ తర్వాత ఎప్పటికీ తెగదు. అందుకే ప్యాక్ చేసే ముందు వెలుగుతున్న స్క్రీన్, నాలుగు అంచులు, సీరియల్ నంబర్ స్టిక్కర్ ఫోటోలు తీసి పంపమని లేఖలోనే అడగాలి.

ఇంతకంటే ముందు తేలాల్సింది ఆ సీరియల్ నంబరే. రెండేళ్ల క్రితం ఇచ్చిన ల్యాప్‌టాప్ మధ్యలో పాడైతే ఐటీ వాళ్లు వేరేది ఇచ్చి ఉంటారు, రిజిస్టర్‌లో మాత్రం పాత నంబరే మిగిలిపోతుంది. హెచ్ఆర్ ఆ రిజిస్టర్ చూసి లేఖ రాస్తుంది. ఉద్యోగి తన దగ్గరున్నది పంపిస్తాడు. స్టోర్స్‌లో "ఇది మేం ఇచ్చింది కాదు" అంటారు. లేఖ పంపే ముందే ఉద్యోగితో ఒక్కసారి సరిచూపిస్తే ఈ గొడవే ఉండదు. విండోస్ యంత్రమైతే పవర్‌షెల్‌లో ఈ ఒక్క లైను చాలు:

```
Get-CimInstance Win32_BIOS | Select-Object SerialNumber
```

మ్యాక్‌లో About This Mac తెరిస్తే కనిపిస్తుంది. ఛార్జర్, మౌస్, హెడ్‌సెట్, డాకింగ్ స్టేషన్, డేటా కార్డు వంటి వాటిని కూడా "తదితర ఉపకరణాలు" అని కలిపేయకుండా ఒక్కో లైనులో ఒక్కోటి రాయాలి.

లేఖలో తప్పక ఉండాల్సిన, ఎక్కువ మంది వదిలేసే వాక్యం మరొకటుంది: "దయచేసి ల్యాప్‌టాప్‌ను ఫార్మాట్ చేయకండి." మంచి ఉద్దేశంతోనే చాలామంది ఇచ్చే ముందు రీసెట్ కొట్టేస్తారు. డ్రైవ్‌లో మాత్రమే ఉన్న పని ఫైళ్లు అలా పోతాయి. పైగా ఏదో దాచడానికే తుడిచేశాడన్న అనుమానం మొదలవుతుంది. సొంత ఫోటోలు, ఆధార్, బ్యాంకు కాగితాలు అందులో ఉంటే వాటిని మాత్రమే తీసుకోవాలి, అదీ ఐటీ వాళ్లకు చెప్పి. మ్యాక్‌లో సొంత యాపిల్ ఖాతాతో Find My ఆన్‌లో ఉంటే సైన్ అవుట్ చేయాల్సిందే, లేకపోతే తర్వాతి మనిషి ఆ యంత్రాన్ని కొత్తగా సెటప్ చేసేటప్పుడు అది పాత ఖాతా పాస్‌వర్డ్ అడుగుతూ కూర్చుంటుంది.

కార్డుల దగ్గర పొరపాటు వేరే రకం. కంపెనీ ఐడీ కార్డు ఒకటి, టెక్ పార్కు గేటు కార్డు మరొకటి. రెండోది చాలాచోట్ల భవన యాజమాన్యం చేతిలో ఉంటుంది. హెచ్ఆర్ తమ సిస్టమ్‌లో పేరు తీసేసినా ఆ గేటు తెరుచుకుంటూనే ఉండొచ్చు. కార్డు చేతికొచ్చాక డీయాక్టివేట్ చేద్దాంలే అనుకోవడం మరో తప్పు. వచ్చినా రాకపోయినా శుక్రవారం సాయంత్రానికి ఆపేయాలి. కారు అద్దం మీది పార్కింగ్ స్టిక్కర్, లాకర్ తాళం చెవి ఎవరికీ గుర్తుండవు.

ఇక గోప్యత. ఇక్కడే లేఖలు గీత దాటుతుంటాయి. చేరినప్పుడు సంతకం చేసిన ఒప్పందాన్ని గుర్తు చేయడం వరకే ఈ లేఖ పని. అందులో లేని కొత్త షరతు ఇందులో పెడితే అది ఉద్యోగి ఒప్పుకోని షరతుగానే మిగులుతుంది. "ఏడాది పాటు పోటీ కంపెనీలో చేరకూడదు" అన్న వాక్యాన్ని చాలామంది అలవాటుగా అతికిస్తారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం, ఉద్యోగం వదిలాక మనిషి బతుకుతెరువును అడ్డుకునే అలాంటి షరతు చెల్లదు. చెల్లని వాక్యం ఒకటి చేరితే చెల్లే వాక్యాల బరువూ తగ్గుతుంది. కస్టమర్ల జాబితా, ఇంకా బయటపెట్టని ధరలు, సోర్స్ కోడ్, పాస్‌వర్డ్‌లు రహస్యాలే. ఉద్యోగి నేర్చుకున్న పని మాత్రం ఆయనదే. మన దగ్గర వ్యాపార రహస్యాలకంటూ ప్రత్యేక చట్టం లేదు. లా కమిషన్ 2024లో తన 289వ నివేదికలో అలాంటి చట్టాన్ని సిఫార్సు చేసింది. కాబట్టి ఏది రహస్యమో ఒప్పందంలోనూ లేఖలోనూ పేరుపెట్టి చెప్పుకోవడం మీదే చాలా ఆధారపడి ఉంటుంది.

సొంత జీమెయిల్‌కు పంపుకున్న ఫైళ్లు, ఫోన్‌లోని వాట్సాప్ గ్రూపులు, ఇంట్లో పడివున్న ప్రింట్‌అవుట్‌లు కూడా పత్రాల కిందకే వస్తాయి. "అన్నీ డిలీట్ చేయండి" అని ఒక్క ముక్కలో రాస్తే తుడిచింది ఏమిటో కంపెనీకీ తెలియదు, తుడిచానని ఉద్యోగీ చూపించలేడు. ముందు ఏమేం ఉన్నాయో చెప్పమనాలి, కావాల్సినవి వెనక్కి తీసుకోవాలి, తర్వాతే తుడవమని రాతపూర్వకంగా అడగాలి.

ఎంత రాసినా కొందరు ఇవ్వరు. కంపెనీల చట్టం 2013లోని 452వ సెక్షన్ అలాంటి వారి కోసమే: కంపెనీ సొత్తును అక్రమంగా అట్టిపెట్టుకుంటే లక్ష నుంచి ఐదు లక్షల రూపాయల దాకా జరిమానా, తిరిగి ఇవ్వమన్న కోర్టు ఆదేశాన్ని పాటించకపోతే రెండేళ్ల దాకా జైలు. ఆ సెక్షన్‌ను మొదటి లేఖలోనే ఝళిపించడం అనవసరం. గడువు దాటాక రాసే రెండో లేఖకు దాన్ని ఉంచుకోవాలి. జీతం ఆపి ఒత్తిడి పెట్టే అలవాటుకూ ఒక హద్దు ఉంది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, రాజీనామా చేసిన వారికి రావాల్సిన వేతనం రెండు పనిదినాల్లో చెల్లించాలి. ఉద్యోగి చేతికి ఇచ్చిన వస్తువు పోతే జీతంలో కోత పెట్టొచ్చు, కానీ అది ఆయన నిర్లక్ష్యం వల్లే పోయి ఉండాలి, నష్టానికి మించకూడదు, ముందు ఆయన వివరణ అడగాలి.

అన్నీ కలిపితే లేఖ ఒక్క పేజీ దాటదు. మధ్యభాగం ఇలా ఉంటే సరిపోతుంది:

"మీ దగ్గర ఉన్నట్టు మా రికార్డు చెప్పే వస్తువులు కింద ఉన్నాయి. తేడా ఉంటే బుధవారంలోగా చెప్పండి. సోమవారం ఉదయం పది నుంచి ఒంటిగంట మధ్య కొరియర్ మీ ఇంటికి వస్తుంది, ఖర్చు మాది. పే స్లిప్పులు, మీ యూఏఎన్ వివరాలు శుక్రవారం లోపు డౌన్‌లోడ్ చేసుకోండి. ఫారం 16 పంపడానికి మీ సొంత మెయిల్ ఐడీ ఇవ్వండి. వస్తువులు అందిన రెండు రోజుల్లో సీరియల్ నంబర్లతో రసీదు పంపుతాం."

ఆ ఆఖరి వాక్యం ఉన్న లేఖలు అరుదు. రసీదు లేకపోతే ఆరు నెలల తర్వాత ఆడిట్‌లో ల్యాప్‌టాప్ లెక్క తేలనప్పుడు ఫోన్ వెళ్లేది పాత ఉద్యోగికే. ఆయన దగ్గర చూపించడానికి కొరియర్ స్లిప్పు తప్ప ఏమీ ఉండదు. పెట్టెలో ఏముందో ఆ స్లిప్పు చెప్పదు.