సవరణ: Jest స్నాప్‌షాట్లు మారితే వెంటనే -u కొట్టకండి

నా ముందు పోస్టు చదివిన ఒకరు అడిగారు: "బటన్ పేరొక్కటే మార్చాను అండి, బిల్లు స్నాప్‌షాట్‌లో సొమ్ము లైన్లు కూడా మారాయి. మీరన్నట్టు -u కొడితే చాలా?"

చాలదు. ముందు పోస్టులో "కాంపోనెంట్ మీరు మార్చిందే అయితే అప్‌డేట్ చేసేయండి" అని రాయడం నా తప్పు. ఫెయిలైన ప్రతి స్నాప్‌షాట్‌నూ `-u` కొత్త అవుట్‌పుట్‌తో తిరగరాస్తుంది. అది సరైనదో కాదో చూడదు.

మా గుంటూరు మిర్చి యార్డు బిల్లింగ్ యాప్‌లో నాకూ ఇదే జరిగింది. డిఫ్‌లో రెండు మార్పులున్నాయి:

```diff
-  సేవ్
+  బిల్లు సేవ్ చేయి
-  ₹1,00,000
+  ₹100,000
```

మొదటిది నేను కోరిందే. రెండోదానికి పుల్ రిక్వెస్ట్ వివరణలో కారణం లేదు. వెతికితే, ఫార్మాటింగ్‌ను కామన్ ఫంక్షన్‌లోకి మార్చేటప్పుడు `'en-IN'` జారిపోయింది. దాంతో మెషీన్ డిఫాల్ట్ లొకేల్ వచ్చింది. అంకెల విలువ మారలేదు, ఒక కామా మాత్రమే పోయింది. అందుకే కంటికి ఆనదు.

కాబట్టి `.snap` ఫైల్‌ను మెయిన్ బ్రాంచ్‌లో ఉన్నట్టు వెనక్కి తెచ్చి, కోడ్ సరిచేసి, `-u` లేకుండా టెస్టులు నడపండి. బటన్ లైన్ ఒక్కటే ఎర్రగా మిగిలితే అప్పుడు ఆ టెస్టు వరకే:

```
npx jest -t "బిల్లు బటన్" -u
```

ఒకే స్నాప్‌షాట్‌లో రెండు మార్పులూ కలిసి ఉంటే `-t` వాటిని విడదీయలేదు. అక్కడ కోడ్ ముందు సరిచేయాల్సిందే.