శిక్షణ వీడియో తెలుగులో: పేర్లు మెషీన్ మీదున్నవే ఉండనివ్వండి, పని మాత్రం తెలుగులో చెప్పండి

లాకౌట్-ట్యాగౌట్ అని ఫ్యాక్టరీల్లో ఒక పద్ధతి ఉంది. మెషీన్ రిపేరు చేసే మనిషి పని మొదలుపెట్టే ముందు దానికి కరెంటు, గాలి, ఆయిల్ ప్రెషర్ వచ్చే దారులన్నీ మూసేస్తాడు. మూసిన ప్రతిచోటా తన సొంత తాళం వేసి, తన పేరు రాసిన ట్యాగ్ తగిలిస్తాడు. అతను లోపల చేయి పెట్టి ఉండగా ఇంకెవరో తెలియక మెషీన్ స్టార్ట్ చేయకుండా ఉండటానికే ఇదంతా. అమెరికాలో పనిచోట భద్రతను చూసే ప్రభుత్వ సంస్థ ఓషా 1989లో దీనికి ఒక ప్రమాణం జారీ చేసింది. ఈ విషయం మీద వచ్చే ఇంగ్లీషు శిక్షణ స్క్రిప్టుల్లో కనిపించే పదజాలం చాలావరకు దానిలోదే.

ఆ స్క్రిప్టు తెలుగులోకి వచ్చేసరికి సాధారణంగా ఇలా తయారవుతుంది:

"అధీకృత ఉద్యోగి, ప్రభావిత ఉద్యోగులకు సమాచారం అందించిన పిమ్మట యంత్రమును నిలిపివేయవలెను. తదుపరి శక్తి మూలమును వేరుచేసి, లాకౌట్ పరికరము అమర్చబడినదని నిర్ధారించుకొనవలెను. నిల్వ ఉన్న శక్తి విడుదల చేయబడవలెను."

ఇందులో వ్యాకరణం తప్పు లేదు. ఇంగ్లీషులో ఉన్న ప్రతి మాటకూ ఇక్కడ ఒక మాట ఉంది. కానీ దీన్ని చెవితో విన్న టెక్నీషియన్‌కి చేతితో ఏం చేయాలో తెలియదు. ఈ లోపాన్ని చూపిస్తే చాలామంది వెంటనే టెక్నికల్ పదాల గురించి మాట్లాడతారు. లాకౌట్‌కి తెలుగు ఏమిటి, ఐసొలేటర్‌ని ఏమనాలి అని చర్చ మొదలవుతుంది. నా దృష్టిలో అది పెద్ద సమస్య కాదు. నామవాచకాల సంగతి తేలిగ్గానే తేలిపోతుంది. అసలు చిక్కంతా క్రియల్లో ఉంది.

పై వాక్యాల్లో 'నిలిపివేయవలెను', 'వేరుచేసి' అనే రెండు క్రియలు చూడండి. ఇంగ్లీషు ప్రమాణంలో ఇవి రెండు వేర్వేరు మెట్లు. మొదటిది మెషీన్‌ని మామూలుగా ఆపడం, అంటే STOP బటన్ నొక్కడం. రెండోది దానికి శక్తి వచ్చే దారిని మూసేయడం, అంటే ప్యానెల్ దగ్గర ఐసొలేటర్‌ని తిప్పడం. ప్రాణం కాపాడేది ఈ రెండోదే. STOP నొక్కితే మోటారు ఆగుతుంది గానీ ప్యానెల్ దాకా కరెంటు ఉంటూనే ఉంటుంది, ఎవరో START నొక్కితే మళ్లీ తిరుగుతుంది. అందుకే ఆ ప్రమాణం పుష్ బటన్లనీ సెలెక్టర్ స్విచ్‌లనీ శక్తిని వేరుచేసే సాధనాలుగా లెక్కలోకి తీసుకోదు. మరి తెలుగులో? 'నిలిపివేయండి' అన్నా ఆపడమే, 'వేరుచేయండి' అంటే దేన్ని దేన్నుంచి వేరుచేయాలో తెలియదు. కొందరు అనువాదకులు ఇంకా సులువు చేద్దామని రెండు చోట్లా 'ఆపేయండి' అని రాసేస్తారు. వినడానికి హాయిగా ఉంటుంది, కానీ ఒక మెట్టు మాయమైపోతుంది. STOP నొక్కినవాడు రెండు పనులూ అయిపోయాయనుకుంటాడు.

ఇలాంటి చోట నిఘంటువు ఆదుకోదు. చేయి దేని మీద పడుతుంది, దాన్ని ఎటు తిప్పుతుంది, తిప్పాక కంటికి ఏం కనిపిస్తుంది అనేది అనువాదకుడికి తెలియాలి. తెలియకపోతే మెయింటెనెన్స్ మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని అడగాలి. ఆ సమాధానాలు దొరికితే వాక్యం దానంతటదే మాట్లాడే తెలుగులో పడుతుంది.

అదే భాగాన్ని కన్వేయర్ బెల్ట్ మార్చే సందర్భానికి పెట్టి, వినేవాడి కోసం రాస్తే ఇలా ఉంటుంది:

"ముందు కన్వేయర్ నడిపే ఆపరేటర్‌కి చెప్పండి, బెల్ట్ మార్చాలి, లాకౌట్ చేస్తున్నానని. STOP నొక్కి కన్వేయర్‌ని ఆపండి. ఆగింది కదా అని చేయి పెట్టకండి, కరెంటు ఇంకా ఉంది. ప్యానెల్ దగ్గరికి వెళ్లి ఐసొలేటర్‌ని OFF వైపు తిప్పండి. దానికి మీ తాళం వేసి, మీ పేరున్న ట్యాగ్ తగిలించండి. ఎయిర్ లైన్ వాల్వ్ కూడా మూసి, దానికీ తాళం వేసి ట్యాగ్ తగిలించండి. లైన్‌లో మిగిలిన గాలిని వదిలేయండి. గేజ్ ముల్లు సున్నా మీదికి రావాలి. ఇప్పుడు చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని START నొక్కి చూడండి. కన్వేయర్ కదలకూడదు. కంట్రోల్‌ని మళ్లీ OFFలో పెట్టి, అప్పుడు పని మొదలుపెట్టండి."

ఇందులో STOP, START, OFF, ఐసొలేటర్, వాల్వ్, గేజ్, ట్యాగ్ అలాగే ఉన్నాయి. కారణం ఒకటే: మనిషి ప్యానెల్ ముందు నిలబడితే కంటికి కనిపించేవి ఆ పేర్లే, తోటివాళ్ల నోట వినిపించేవీ అవే. ఐసొలేటర్‌కి ఎంత అందమైన తెలుగు మాట కట్టినా ఆ మాట ప్యానెల్ మీద రాసి ఉండదు. ఇక 'శక్తి మూలం', 'నిల్వ ఉన్న శక్తి', 'నిర్ధారణ' లాంటివి ఏ మెషీన్ మీదా కనిపించని పేర్లు. అవి ఇంగ్లీషులో కూడా ఆలోచన కోసం పుట్టిన మాటలే. వాటిని అనువదించడం కంటే విప్పి చెప్పడం మేలు. 'నిర్ధారించుకోండి' అంటే ఇక్కడ START నొక్కి చూడటం. 'నిల్వ శక్తి' అంటే ఈ కన్వేయర్‌లో లైన్‌లో మిగిలిన గాలి. ఇంకో మెషీన్‌లో అది నొక్కుకుపోయిన స్ప్రింగ్ కావచ్చు, పైకి లేపి ఉంచిన బరువు కావచ్చు, కరెంటు తీసేశాక కూడా చార్జ్ పట్టుకుని ఉండే కెపాసిటర్ కావచ్చు. ఆ మెషీన్‌లో ఏది ఉంటే దాని పేరే చెప్పాలి.

'లాకౌట్' అనే మాటని మాత్రం నేర్పక తప్పదు, ఎందుకంటే రేపు పర్మిట్ ఫారం మీద, ట్యాగ్ మీద అదే ఉంటుంది. నేర్పే వరుసలో ఒక చిన్న మెలకువ ఉంది. ముందు మాట చెప్పి తర్వాత నిర్వచనం ఇవ్వడం పుస్తకం పద్ధతి. చెవికి అది బరువు, తెలియని మాట దగ్గరే వినేవాడి దృష్టి ఆగిపోతుంది. "శక్తి వచ్చే దారి మూసి, అక్కడ తాళం వేస్తాం. దీన్నే లాకౌట్ అంటారు" అంటే పని ముందు అర్థమై, పేరు దానికి అతుక్కుంటుంది. ఒకసారి చెప్పాక చివరి క్విజ్ దాకా అదే మాట వాడాలి. మళ్లీ మళ్లీ అదే మాట వస్తోందని ఒకచోట 'తాళబంధం' అనో 'లాకింగ్' అనో మారిస్తే, ఇది ఇంకో పనేమో అని వినేవాడు అనుకుంటాడు.

తెలుగు మాటే మోసం చేసే చోట్లు కూడా ఉంటాయి. 'ప్రభావిత ఉద్యోగి' అంటే ప్రమాణంలో అర్థం ఆ మెషీన్‌ని నడిపేవాడు, లేదా దాని దగ్గర పనిచేసేవాడు. తెలుగు చెవికి మాత్రం వరద ప్రభావిత ప్రాంతం, ప్రమాద బాధితుడు గుర్తొస్తారు. 'ఆపరేటర్, పక్కన పనిచేసేవాళ్లు' అంటే సరిపోతుంది. 'తాళం' ఇంకా ప్రమాదం. చాలామంది వాడుకలో తాళం అంటే కప్పా కావచ్చు, చెవీ కావచ్చు. "మీ తాళం మీ దగ్గరే ఉంచుకోండి" అని వాయిస్ ఓవర్‌లో వస్తే, వేయాల్సిన కప్పని జేబులో పెట్టుకోమన్నారా అనే అనుమానం రావచ్చు. ఈ స్క్రిప్టులో తాళం అంటే వేసేది, తాళంచెవి అంటే జేబులో ఉండేది అని మొదటి సీన్‌లోనే బొమ్మతో చూపించి, చివరిదాకా ఆ తేడా పాటించాలి.

కర్మణి వాక్యాల సంగతి వేరే చెప్పాలి. 'అమర్చబడినదని', 'తొలగించబడరాదు' అనేవి వినసొంపుగా లేకపోవడం ఒక్కటే కాదు, ఎవరు చేయాలో దాచేస్తాయి. లాకౌట్‌లో ముఖ్యమైన సంగతే ఎవరు అన్నది. "తాళం ఎవరు వేస్తే వాళ్లే తీయాలి" అనే ఐదు మాటల్లో ఉన్న స్పష్టత, "అమర్చిన ఉద్యోగి చేత తప్ప లాకౌట్ పరికరము తొలగించబడరాదు" అనే వాక్యంలో లేదు. 'తప్ప', 'రాదు' రెండూ దాటుకుని అర్థానికి చేరేలోపు తర్వాతి వాక్యం వచ్చేస్తుంది. చదివేవాడు వెనక్కి వెళ్లగలడు గానీ వినేవాడు వెళ్లలేడు.

వీడియోతో కలిపి చూసినప్పుడు ఇంకో ఇబ్బంది బయటపడుతుంది. ఇంగ్లీషులో వద్దు అనే మాట వాక్యం మొదట్లోనే వస్తుంది, తెలుగులో చివర వస్తుంది. ఇంగ్లీషు ఆడియోకి కట్టిన యానిమేషన్‌లో వాక్యం మొదలవగానే తెర మీద ఎర్ర ఇంటూ గుర్తు పడుతుంది, తర్వాత గేజ్ కనిపిస్తుంది. తెలుగు గొంతు అప్పటికి "గేజ్ సున్నాకి వచ్చేదాకా" అంటూ ఉంటుంది, 'కవర్ తెరవకండి' అనేసరికి ఎర్ర గుర్తు పోయి ఉంటుంది. కన్ను ఒకటి, చెవి ఒకటి చెప్తాయి. యానిమేషన్ వరుస మార్చే వీలుంటే మార్చాలి. లేకపోతే వాక్యాన్ని విరగ్గొట్టాలి: "కవర్ ఇప్పుడే తెరవకండి. ముందు గేజ్ సున్నాకి రావాలి." ఇది మన వాడుకకీ దగ్గరే.

నిడివి విషయంలో మాటల లెక్కని నమ్మకూడదు. తెలుగులో విభక్తులు మాటకే అతుక్కుంటాయి కాబట్టి మాటల సంఖ్య తగ్గి, ఒక్కో మాట పొడవవుతుంది. లెక్కలో చిన్నదిగా కనిపించిన స్క్రిప్టు స్టూడియోలో సీన్ దాటిపోతుంది. అప్పుడు వాయిస్ ఆర్టిస్టుని గబగబా చదవమంటారు. దయచేసి ఆ పని చేయించకండి, అడుగడుగూ చెప్పాల్సిన చోట వేగం పెరిగితే మెట్లు కలిసిపోతాయి. స్క్రిప్టు దశలోనే స్టాప్‌వాచ్ పెట్టుకుని పైకి చదివి, 'ఈ క్రింది విధంగా', 'గమనించవలసిన విషయమేమనగా' లాంటివి కోసేస్తే చాలావరకు సరిపోతుంది.

చివరగా తనిఖీ. కంపెనీలు తెలుగు స్క్రిప్టుని ఇంకొకరి చేత తిరిగి ఇంగ్లీషులోకి మార్పించి, మూలంతో పోల్చి చూస్తాయి. అంకెలు తప్పాయా, ఏదైనా వాక్యం వదిలేశారా అని పట్టుకోవడానికి అది పనికొస్తుంది. కానీ అదే పరీక్షలో 'ప్రభావిత ఉద్యోగి' పూర్తి మార్కులతో పాసవుతాడు, మాటకి మాట తిరిగి వెళ్తుంది కదా. "START నొక్కి చూడండి" అన్నదేమో మూలంలో లేదని ఎర్ర సిరా తెచ్చుకుంటుంది. అందుకే ప్రతి మార్పు పక్కనా కారణం ఒక లైన్‌లో రాసి పంపడం మంచిది, లేకపోతే సమీక్షలో పాత వాక్యమే తిరిగొస్తుంది.

దాంతోపాటు, కరెంటు లేని ఒక ప్యానెల్ ముందు ఇద్దరు ముగ్గురు కొత్త టెక్నీషియన్లకి ఆడియో ఒక్కటే వినిపించాలి. అర్థమైందా అని అడిగితే అందరూ అయిందనే అంటారు. అలా అడగకుండా చేసి చూపించమనాలి. STOP నొక్కి నేరుగా తాళం అందుకున్నవాడు కనిపిస్తే, రెండు క్రియలు కలిసిపోయిన వాక్యం ఏదో దొరికినట్టే. తాళం వేశాక START నొక్కకుండానే కవర్ విప్పబోతే, 'చూడండి' అన్నది గట్టిగా వినిపించలేదని అర్థం. ఆ వాక్యాన్ని తిరగరాసి, ఈ స్క్రిప్టు ఇంతవరకు వినని ఇంకొకరికి వినిపించాలి.