తగు జాగ్రత్తలు తీసుకుని సహకరించగలరు

మా నిజాంపేట అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు తక్కువ మాటల మనిషి. పోయిన శుక్రవారం రాత్రి పదిన్నరకి వాట్సాప్ గ్రూపులో పెట్టిన మెసేజ్ పూర్తిగా ఇది: "రేపు పెస్ట్ కంట్రోల్. ఉ. 10 నుంచి సా. 5 లోపు వస్తారు. తగు జాగ్రత్తలు తీసుకుని సహకరించగలరు." కింద జోడించిన రెండు చేతుల బొమ్మ. ఆ చేతులు చూశాక ఇంకేం అడుగుతాం?

ఏ మందు? ఎంతసేపు బయటుండాలి? ఏం సర్దుకోవాలి? ఇవన్నీ "తగు" అనే రెండక్షరాల్లో దాగి ఉన్నాయి. తవ్వుకున్నవారికి తవ్వుకున్నంత.

మేం బాగా లోతుగా తవ్వాం. తెల్లవారుజామున అయిదింటికి లేచి వంటిల్లంతా ఖాళీ చేశాం. ఆవకాయ జాడీ, పోపుల డబ్బా, బియ్యం డ్రమ్ము, మా ఆవిడ పుట్టింటి ఇత్తడి సామాను అన్నీ బాల్కనీలో చేరి దుప్పటి కప్పుకున్నాయి. మా అత్తగారికి ఆయాసం. ఆవిణ్ణి మియాపూర్‌లో మెట్రో ఎక్కించి దిల్‌సుఖ్‌నగర్‌లో చెల్లెలింటికి పంపాం. నేను సెలవు పెట్టి మెట్ల మీద కాపలా కూర్చున్నాను. పదయింది, పన్నెండయింది. కర్రీ పాయింట్ పప్పు మెట్ల మీదే తిన్నాను. బాల్కనీలో జాడీ మీద కాకి వాలింది. అయిదూ నలభైకి ఓ కుర్రాడొచ్చి జేబులోంచి సిరంజి తీసి, కప్‌బోర్డు బందుల దగ్గరా సింకు కిందా ఫ్రిజ్ వెనకా ఆవగింజంత చుక్కలు పెట్టాడు. "వంటింట్లో జెల్లే సార్. బయటికి పోవాల్సిన పనేం లేదు. బాత్రూముల్లో మాత్రం స్ప్రే."

పావుగంటలో అయిపోయింది. జాడీ మాత్రం ఇంకా బాల్కనీలోనే ఉంది.

జెల్ అంటే బొద్దింకకి పెట్టే విందు. తిని, సందులోకి పోయి చస్తుంది. దాని రెట్టనీ శవాన్నీ తిన్నవీ చస్తాయి. దానికి మనం చేయాల్సిందల్లా ముందురోజు రాత్రి స్టవ్ చుట్టూ నూనె జిడ్డు తుడిచి, సింకు కింద అర ఖాళీ చేయడం. పక్కన పకోడీ ముక్కలుంటే అది జెల్ ముట్టదు, దానికీ రుచులుంటాయి. ఆ తర్వాత అక్కడ ఫినాయిల్ పెట్టకూడదు, స్ప్రే డబ్బా కొట్టకూడదు. ఈ సంగతి చెప్పేవాళ్లు లేక 304 ఆయన ఆ రాత్రే "ఎందుకైనా మంచిదని" జెల్ మీద అరడబ్బా స్ప్రే కొట్టుకున్నారు. ఇక ఆ వాసనకి బొద్దింకలు విందుకి రావు.

స్ప్రే సంగతి వేరు. కొట్టాక తడి ఆరేదాకా, అంటే మూడు నాలుగు గంటలు, బయటుండాలి. వచ్చాక కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వాలి. టూత్‌బ్రష్షులూ పిల్లల బొమ్మలూ ముందే తీసేయాలి. చేపల తొట్టి ఉంటే గట్టిగా మూసి గాలి మోటారు ఆపాలి, లేదా వేరే ఇంటికి పంపాలి. ఇళ్లలో కొట్టే ఈ మందులు నీళ్లలో రవ్వంత పడినా చేపలు బతకవు. బొద్దింక గుడ్ల తిత్తిని స్ప్రే ఏమీ చేయలేదు, వంటింట్లో తిరిగే చిన్న రకానివైతే ఒక్కో తిత్తిలో 30, 40 గుడ్లుంటాయి. అందుకే రెండు వారాలకి మళ్లీ రావాలి. ఆ తేదీ కూడా "తగు"లోనే ఉంది కాబోలు.

ఇంతవరకూ నవ్వుకున్నాను. సెల్లార్‌లోకి దిగాక నవ్వు పోయింది.

వాచ్‌మన్ కుటుంబం ఉండేది పంపు గది పక్కన. డ్రైనేజీ చాంబర్ మూత వాళ్ల గుమ్మానికి నాలుగడుగుల దూరం. చాంబర్లో మందు కొట్టగానే బొద్దింకలు గుంపుగా పైకొచ్చి ఆ గదిలోకే పారిపోయాయి. లోపల ఏడాది నిండని పిల్ల నేల మీద పడుకుని ఉంది. వాళ్లు గ్రూపులో లేరు. మెయింటెనెన్స్ కట్టరుగా! కొట్టిన కుర్రాడి మూతికి చేతిరుమాలు తప్ప గ్లౌజుల్లేవు, మాస్కు లేదు. సీసా మీద ప్రమాదం ఎంతో చెప్పే రంగు త్రికోణం ఉంటుంది, దాన్ని చూసిన నాథుడు లేడు. నూటముప్ఫై మందికి దణ్ణాల బొమ్మ పెట్టే ఓపికుంది గానీ, ఒక్క అంతస్తు దిగి "అమ్మా, పిల్లని తీసుకుని సాయంత్రం దాకా పైన కూర్చో" అని చెప్పడానికి కాళ్లు రాలేదా? సిగ్గుండాలి. నాకూ ఉండాలి, పొద్దుటినుంచీ మెట్ల మీద కూర్చున్నది నేనే.

ఆ రాత్రి గ్రూపులో నేనే ఒక నమూనా పెట్టాను: "శనివారం. మొదటి, రెండో అంతస్తులు 10 నుంచి 12, మూడు, నాలుగు 2 నుంచి 4. వంటింట్లో జెల్, ఇంట్లోనే ఉండొచ్చు. బాత్రూముల్లో, సెల్లార్‌లో స్ప్రే, నాలుగు గంటలు దూరంగా ఉండండి. పసిపిల్లలు, గర్భిణులు, ఆయాసం ఉన్నవాళ్లు ముందే చెప్పండి. మందు పేరు నోటీసు బోర్డు మీద. రెండో విడత రెండు వారాలకి. వాచ్‌మన్‌కి నేను చెప్పాను."

సెక్రటరీ గారు వెంటనే జవాబిచ్చారు: "బాగుంది సార్. కానీ పొడుగైంది, ఎవరూ చదవరు."

మర్నాడు పొద్దున్నే ఆరింటికి ఆయనే గ్రూపులో గోరువెచ్చని నీళ్లలో పసుపు కలిపి తాగడం గురించి నలభై రెండు వరుసల మెసేజ్ పెట్టారు.