రెజ్యూమేలో ప్రాజెక్టుకు రెండు వాక్యాలు చాలు, అవి నిజమైనవైతే

డేటా ఎనలిస్ట్ ఉద్యోగాలకు వచ్చే రెజ్యూమేలను చదివేటప్పుడు నాకు తరచుగా ఎదురయ్యే వాక్యం ఇది: “పైథాన్, ఎస్‌క్యూఎల్, టాబ్లో ఉపయోగించి కస్టమర్ చర్న్ విశ్లేషణ చేసి 80 శాతం యాక్యురసీ సాధించాను.” ఇందులో పనిముట్లు ముందు వరుసలో నిలబడ్డాయి, సమస్య ఏమిటో ఎక్కడా లేదు, ఫలితంగా చూపిన అంకె ఏమీ చెప్పడం లేదు.

ఈ ప్రాజెక్టుకు చాలామంది వాడేది కాగుల్‌లో దొరికే ఐబీఎం వారి టెలికాం నమూనా డేటా. అందులోని 7,043 మంది వినియోగదారులలో సేవను వదిలి వెళ్లినవారు 1,869 మంది. అంటే ఏ మోడలూ కట్టకుండా “ఎవరూ వెళ్లరు” అని కళ్లు మూసుకుని చెప్పినా 73 శాతానికి పైగా సరిపోతుంది. ఆ సంగతి చెప్పకుండా 80 శాతమని గొప్పగా రాస్తే, అభ్యర్థి దాన్ని దేనితోనూ పోల్చి చూడలేదని చదివేవారికి వెంటనే అర్థమవుతుంది.

అదే పనిని నేనైతే ఇలా రాస్తాను:

“టెలికాం వినియోగదారులు ఏ ఒప్పందం కింద ఎక్కువగా వెళ్లిపోతున్నారో తెలుసుకోవడానికి, 7,043 మంది పబ్లిక్ డేటాను పాండాస్‌తో శుభ్రం చేసి, ఒప్పంద రకాన్ని బట్టి చర్న్ రేటును ఎస్‌క్యూఎల్‌లో లెక్కించాను.
నెలవారీ ఒప్పందంలో 42.7 శాతం, రెండేళ్ల ఒప్పందంలో 2.8 శాతం వెళ్లిపోయారు, వెళ్లిన 1,869 మందిలో 1,655 మంది నెలవారీ వారే కాబట్టి, నిలుపుదల ప్రయత్నం ముందుగా వారితో మొదలుపెట్టాలని సూచించాను.”

ఇక్కడ ప్రతి పనిముట్టు తాను చేసిన పని పక్కనే కూర్చుంది. “శుభ్రం చేసి” అన్న మాట మాత్రం ఊరికే పడి ఉండకూడదు, ఎందుకంటే ఇంటర్వ్యూలో నేను మొదట పట్టుకునేది దాన్నే. ఈ డేటాలో `TotalCharges` కాలమ్ అక్షరాల రూపంలో చదవబడుతుంది, కారణం 11 వరుసలలో అది ఖాళీగా ఉండటం. ఆ 11 మందికీ `tenure` సున్నా, అంటే వారు ఇప్పుడే చేరారు, ఇంకా బిల్లు పడలేదు. అక్కడ సగటు విలువను నింపానని చెప్పేవారు డేటాను చూడలేదు, ఎక్కడో చూసిన కోడును అతికించారు.

“చర్న్‌ను 15 శాతం తగ్గించాను” అని రాసేవారితోనే నాకు అసలు చిరాకు. పబ్లిక్ డేటా మీద పనిచేసినవారు ఎవరి చర్న్‌ను తగ్గించారు? అలాగే రెండేళ్ల ఒప్పందంలోకి మారిస్తే జనం ఆగిపోతారని కూడా ఈ అంకెలు నిరూపించవు, ఎందుకంటే ఎలాగూ ఉండదలచినవారే పొడవైన ఒప్పందాన్ని ఎంచుకుని ఉండవచ్చు. అందుకే పై వాక్యంలో ఫలితం “తగ్గించాను” దాకా పోకుండా “సూచించాను” దగ్గరే ఆగింది.