లీవ్ పాలసీని కింది నుంచి చదవండి

సెలవుకు ఎన్ని రోజుల ముందు దరఖాస్తు పెట్టాలన్నది దాదాపు ప్రతి లీవ్ పాలసీలోనూ ముందే కనిపిస్తుంది. ఎవరు ఆమోదించాలన్నది ఆ తర్వాత ఉంటుంది. సెలవు ఇవ్వని రోజులు, అంటే బ్లాకౌట్ తేదీలు, చివర అనుబంధంలోనో డిపార్ట్‌మెంట్ విడిగా పంపిన సర్క్యులర్‌లోనో ఉంటాయి. ఉద్యోగి కూడా అదే వరసలో చదువుతాడు. దరఖాస్తులు తిరిగి రావడానికి సగం కారణం ఇదే. ముందు బ్లాకౌట్, తర్వాత ఆమోదాల వరస, ఆఖరున నోటీసు గడువు చూడాలి.

ఎందుకో ఒక లెక్క వేసి చూద్దాం. జూలై 19 సోమవారం నుంచి 26 సోమవారం వరకు సెలవు కావాలి. మధ్యలో శని, ఆదివారాలు పోతే ఆరు పనిదినాలు. పాలసీ ప్రకారం, ఐదు పనిదినాలు దాటిన సెలవుకు మేనేజర్, ఆపైన డిపార్ట్‌మెంట్ హెడ్ ఇద్దరూ ఆమోదించాలి. ఒక్కొక్కరికి మూడు పనిదినాల గడువు. సెలవు మొదలవడానికి 15 పూర్తి పనిదినాల ముందే తుది ఆమోదం పడాలి.

పైపైన చదివినవాడికి కనిపించేది 15 అన్న అంకె ఒక్కటే. జూలై 4 లోపు పెడితే చాలనుకుంటాడు. కానీ ఆ 15 పనిదినాలు, పైగా దరఖాస్తు తేదీ నుంచి కాదు, ఆమోదం పడిన తేదీ నుంచి. ఈ మధ్యలో వేరే పండుగ సెలవులేవీ లేవనుకుని 19 నుంచి వెనక్కి లెక్కపెడితే తుది ఆమోదం జూన్ 25 శుక్రవారానికి రావాలి. అంతకుముందు ఇద్దరికీ కలిపి ఆరు పనిదినాలు వదలాలి. అంటే దరఖాస్తు జూన్ 17 గురువారానికే వెళ్ళిపోవాలి. అనుకున్నదానికీ అసలు గడువుకూ తేడా 17 రోజులు.

ఇక బ్లాకౌట్ సంగతి. డిపార్ట్‌మెంట్ సర్క్యులర్‌లో జూలై 26 నుంచి 30 వరకు రిలీజ్ వారం, సెలవులు లేవు అని ఉందనుకోండి. ఒక్క 26వ తేదీ తగిలినందుకు ఆ ఒక్కరోజే కోసి మిగతాది ఇస్తారనుకోకూడదు. దరఖాస్తు ఒకటే కాబట్టి మొత్తం తిప్పి పంపడమే చాలాచోట్ల పద్ధతి. మళ్ళీ పెడితే గడువు మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది.

అదే బ్లాకౌట్‌ను ముందే చూసినవాడు 23తో ఆపేస్తాడు. ఇప్పుడు సెలవు ఐదు పనిదినాలే. హెడ్ ఆమోదం అక్కర్లేదు, మేనేజర్ చాలు. ఇదే పాలసీలో ఐదు రోజుల వరకు నోటీసు ఏడు పూర్తి పనిదినాలైతే, ఆమోదం జూలై 7కు, దరఖాస్తు జూలై 2కు చేరితే సరిపోతుంది. ఒక్కరోజు తగ్గేసరికి దరఖాస్తు పెట్టడానికి రెండు వారాలు అదనంగా దొరికాయి. నోటీసు నుంచి చదవడం మొదలుపెట్టినవాడికి ఈ దారి కనిపించదు.

ఇంత కసరత్తు ఎందుకు, మేనేజర్‌ని అడిగితే పోలా, తప్పుంటే పోర్టలే ఆపుతుంది కదా అంటారు. మేనేజర్ 'సరే' అన్నది పాలసీ దృష్టిలో ఆమోదం కాదు. పోర్టల్ సాధారణంగా సెలవుల బ్యాలెన్స్‌ను సరిచూస్తుంది. డిపార్ట్‌మెంట్ మెయిల్‌లో పంపిన తేదీలు అందులోకి ఎవరైనా ఎక్కిస్తేనే తెలుస్తాయి. ఆమోదాల వరసలో పాత మేనేజర్ పేరే ఉండిపోయినా అది పట్టుకోదు. దరఖాస్తు ఆయన దగ్గర పెండింగ్‌లో మగ్గుతుంది. సబ్‌మిట్ నొక్కేముందు తెరమీద అప్రూవర్ పేరు చూసుకోవడం అందుకే.

అసలు కోపం రావాల్సింది ఇంకోచోట. ఉద్యోగి ఒక్కరోజు ఆలస్యమైతే దరఖాస్తు చెల్లదని ఈ పాలసీలు స్పష్టంగా రాస్తాయి. అప్రూవర్ మూడు రోజుల్లో జవాబివ్వకపోతే ఏమవుతుందో మాత్రం చాలావాటిలో ఉండదు. కొన్నింటిలో దరఖాస్తు పై అధికారికి వెళుతుంది, కొన్నింటిలో దానంతటదే రద్దవుతుంది. మౌనమే అంగీకారం అనే పాలసీ అరుదు. గడువు ఇద్దరికీ ఉండి, శిక్ష ఒకరికే ఉంటే దాన్ని నిబంధన అనడం కష్టం. ఆమోదం ఆలస్యమైతే ఆ రోజుల్ని ఉద్యోగి నోటీసులో కలుపుకోవాలని ఒక్క వాక్యం చేర్చడానికి హెచ్ఆర్‌కు అడ్డేమిటి?

ఆ వాక్యం వచ్చేదాకా, పై ఉదాహరణలో మేనేజర్ గడువు జూన్ 22తో ముగుస్తుంది. 23 ఉదయానికీ పెండింగ్ అనే ఉంటే, దరఖాస్తు నంబరు, పెట్టిన తేదీ రాసి మేనేజర్‌కూ హెచ్ఆర్‌కూ కలిపి ఒకే మెయిల్ పెట్టండి. 25 దాటాక పెట్టే మెయిల్ ఫిర్యాదుగానే మిగులుతుంది.