పిల్ల తినలేదని ఇన్సులిన్ ఆపేయమనే మెసేజ్

"షుగర్ ఉన్న పిల్లల తల్లిదండ్రులకు ముఖ్య గమనిక. 1. కిలోకు ఒక యూనిట్ మించి ఇన్సులిన్ వేస్తే కిడ్నీలు పోతాయి. 2. జ్వరం, వాంతులతో పిల్ల ఏమీ తినకపోతే ఆ రోజు ఇన్సులిన్ వేయకండి. 3. స్కూల్లో లో షుగర్ రాకుండా పొద్దుటి డోసు సగం చేయండి. కళ్ళు తిరిగితే చాక్లెట్ పెట్టండి. 4. పరగడుపున కాకర రసం తాగిస్తే మెల్లగా ఇన్సులిన్ మానేయవచ్చు. పది మందికి పంపండి."

పది మందికి కాదు, విశాఖలో ఉన్న అపార్ట్‌మెంట్ గ్రూపులన్నిటికీ పంపినట్టున్నారు. గాజువాక నుంచి ఒకరు, మధురవాడ నుంచి ఇంకొకరు, "నిజమేనా అండీ?" అన్న ప్రశ్న కూడా లేకుండా నాకే తిప్పి పంపుతున్నారు.

నాలుగోదానికి ఒక్క మాట చాలు. కాకరకాయ వేపుడు చేసుకోండి, బాగుంటుంది. ఒంట్లో ఇన్సులిన్ తయారుకాని టైప్ 1 షుగర్ పిల్లకు అది కూరే, మందు కాదు.

మొదటిదానికి కాస్త ఓపిక పడతాను. కిలో లెక్క అనేది మొదలుపెట్టడానికే, హద్దు గీయడానికి కాదు. జబ్బు బయటపడిన కొన్ని వారాలకు చాలామంది పిల్లల్లో అవసరం తగ్గుతుంది, రోజుకు కిలోకు అర యూనిట్ కంటే తక్కువే సరిపోతుంది. ఆ దశ దాటాక, ఈడు రాకముందు 0.7 నుంచి 1 దాకా పడుతుంది. ఈడొచ్చే వయసులో హార్మోన్లు ఇన్సులిన్‌కు ఎదురు తిరుగుతాయి కాబట్టి 1 దాటడం మామూలే, కొందరికి 2 దగ్గరికీ వెళ్తుంది. 45 కిలోల పదమూడేళ్ళ కుర్రాడు రోజుకు 58 యూనిట్లు వేసుకుంటుంటే అందులో తప్పేమీ లేదు. అతన్ని 45 దగ్గర ఆపేస్తే షుగర్ నెలల తరబడి పైనే ఉంటుంది. కిడ్నీలను పాడుచేసేది ఆ షుగరే. అదే 20 కిలోల పిల్లకు అవసరం తగ్గిన తొలి దశలో 8 యూనిట్లే సరిపోతుంటే, ఈ సూత్రం నమ్మి 20 వేసినవాళ్ళు ఏ అర్ధరాత్రో ఆస్పత్రికి పరిగెత్తాలి.

ఇక రెండోది. ఈ మెసేజ్‌లో ప్రాణం తీసే వాక్యం ఇదే.

ఎనిమిదేళ్ళ పాప, 24 కిలోలు అనుకుందాం. రోజు మొత్తం 20 యూనిట్లు: రోజంతా పనిచేసే లాంగ్ యాక్టింగ్ రాత్రి 8, త్వరగా పనిచేసే రాపిడ్ మూడు పూటలా తిండికి 4 చొప్పున 12. ఆదివారం పొద్దున్నే రెండుసార్లు వాంతి చేసుకుంది, ఇడ్లీ ముట్టలేదు. మీటర్‌లో 290. ఏమీ తినని పిల్లకు 290 ఎక్కడిది? లివర్ నుంచి. జ్వరం వచ్చినప్పుడు ఒంట్లో పుట్టే ఒత్తిడి హార్మోన్లు లివర్ చేత చక్కెర వదిలిస్తాయి. ఇన్సులిన్ చాలకపోతే కొవ్వు కరిగి కీటోన్లనే ఆమ్లాలు రక్తంలో పేరుకుంటాయి. ఆ కీటోన్లకే కడుపునొప్పి, వాంతులు. అంటే వాంతి అవుతోందని ఇన్సులిన్ ఆపితే వాంతి ఇంకా పెరుగుతుంది. దాన్ని గ్యాస్ అనుకుని సాయంత్రం దాకా సోడా తాగించే ఇళ్ళున్నాయి.

కాబట్టి కీటోన్లు చూడాలి. రక్తంలో 0.6 లోపు ఉంటే దిగులు లేదు. 3 దాటితే ఇంట్లో ప్రయోగాలు మానేసి నేరుగా ఆస్పత్రికి. మన పాపకు 1.8 వచ్చిందనుకోండి. ఇలాంటప్పుడు అదనంగా వేసేది రోజు మొత్తం డోసులో 10 నుంచి 20 శాతం, అంటే 2 నుంచి 4 యూనిట్లు. కిలోకు 0.1 లెక్కన చూసినా 2.4 వస్తుంది. అర యూనిట్ పెన్ ఉంటే రెండున్నర, లేకపోతే రెండు. ఇది రాపిడ్ ఇన్సులిన్‌తో. తిననప్పుడు ఆ పూట తిండికి వేసే 4 వేయరు, అది వేరే లెక్క. రాత్రి 8 మాత్రం ఆగదు.

తర్వాత అయిదు నిమిషాలకోసారి రెండు మూడు చెంచాల ద్రవం. షుగర్ 250 పైన ఉన్నంతసేపు తీపి లేనివి: ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ, చారు. 180 లోపుకు దిగాక ఓఆర్ఎస్, గ్లూకోజ్ నీళ్ళు, ఎందుకంటే ఇన్సులిన్ కొనసాగాలంటే దానికి చక్కెర అందాలి. రెండు గంటలకు షుగర్, కీటోన్లు రెండూ మళ్ళీ చూడాలి. షుగర్ 210, కీటోన్లు 1.1 వస్తే దారిలో పడ్డట్టే. కీటోన్లు తగ్గకపోతే మళ్ళీ ఒక డోసు. దానికీ లొంగకపోయినా, వాంతులు రెండు గంటలు దాటి ఆగకపోయినా, పాప ఎగశ్వాసతో మత్తుగా ఉన్నా, కేజీహెచ్ అయినా మీ దగ్గరలోని ఆస్పత్రి అయినా క్యాజువాల్టీలో చెప్పాల్సిన మొదటి మాట "టైప్ 1, కీటోన్లు ఇంత". వాంతుల సంగతి తర్వాత. జబ్బు చేసిన రోజు ఏం చేయాలో మీ డాక్టర్ రాసిచ్చిన సిక్ డే కాగితంలో అంకెలు వేరుగా ఉంటే ఆ కాగితమే చెల్లుతుంది. కాగితమే లేకపోతే ఈసారి వెళ్ళినప్పుడు అడిగి రాయించుకోండి.

రక్తం కీటోన్ స్ట్రిప్ ఖరీదెక్కువ. యూరిన్ స్ట్రిప్ వాడితే అది కొన్ని గంటల వెనకటి సంగతి చెబుతుందని గుర్తుంచుకోండి. సముద్రపు తేమకు డబ్బా మూత తెరిచి ఉంచితే స్ట్రిప్ పాడై తప్పు రంగు చూపిస్తుంది.

ఈ మెసేజ్ రాసినాయన భయంలో కాస్త నిజం ఉందని ఒప్పుకోవాలి. విరేచనాలతో తిండి ఒంటబట్టకపోతే షుగర్ పెరగదు, పడిపోతుంది. మీటర్ 75 చూపించి కీటోన్లు లేకపోతే ఇన్సులిన్ తగ్గించాల్సిందే, ఒక్కోసారి మొత్తం డోసులో 20 నుంచి 50 శాతం దాకా. 75 ఉండి కీటోన్లు కూడా ఉంటే ముందు తీపి నీళ్ళు, ఆపైన డాక్టర్‌కు ఫోన్. ఏదైనా తగ్గించడమే కానీ పూర్తిగా ఆపడం లేదు. ఆ ఒక్క మాట మార్చి పంపి ఉంటే నాకీ శ్రమ తప్పేది.

మూడోది స్కూలు. రోజూ పొద్దుటి డోసు సగం చేస్తే రెండో పీరియడ్‌కు 300. పిల్ల బాత్రూమ్‌కు పదే పదే పరిగెత్తడం, టీచర్ కసరడం. లో రాలేదని ఇంట్లో సంతోషం! తగ్గించాల్సిన రోజు ఒకటుంది: టిఫిన్ తిన్న గంటా రెండు గంటల్లో ఆటల పీరియడ్ ఉన్న రోజు. అప్పుడు ఆ టిఫిన్ డోసును పావు నుంచి సగం దాకా తగ్గిస్తారు. రాపిడ్ కంటే మెల్లగా పనిచేసే రెగ్యులర్ ఇన్సులిన్ వాడే పిల్లల సంగతి వేరు. 7.30కి వేసిన సూది 9.30 నుంచి 11.30 మధ్య బలంగా పనిచేస్తుంది. ఇంటర్వెల్‌లో చిన్న టిఫిన్ తప్పనిసరి. "నోట్సు పూర్తయ్యాక తిను" అన్న రోజునే లో అవుతుంది.

ఇక చాక్లెట్. అందులోని కొవ్వు చక్కెరను ఆలస్యం చేస్తుంది, పైగా పక్క బెంచీ వాడు సగం తినేస్తాడు. షుగర్ 70 లోపు ఉంటే కిలోకు 0.3 గ్రాముల గ్లూకోజ్ కావాలి. మన పాపకు ఏడు గ్రాములు, అంటే టీ చెంచాతో చెంచాన్నర, కొంచెం నీళ్ళలో. పదిహేను నిమిషాలకు మళ్ళీ మీటర్, ఇంకా 70 లోపే ఉంటే మళ్ళీ అంతే. ఈలోగా పిల్లను ఒంటరిగా స్టాఫ్ రూమ్‌కు పంపకూడదు. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. షుగర్ పెంచే గ్లూకగాన్ సూది స్కూల్లో ఉంచితే 25 కిలోల లోపు పిల్లకు అర మిల్లీగ్రాము.

గ్లూకోజ్ పొడిని ఏడేసి గ్రాముల పొట్లాలు కట్టి, రెండు పిల్ల బ్యాగులో, రెండు క్లాస్ టీచర్ దగ్గర పెట్టండి. టీచర్ దగ్గరంటే ఆఫీసు బీరువాలో తాళం వేసి కాదు, బల్ల సొరుగులో.