తవుడుకు కొన్న తమ్ముడు: తోబుట్టువుల ఫొటో కింద ఏం రాయాలి?

రాఖీ పౌర్ణమి వచ్చిందంటే చాలు, నా ఫోను నిండా ఒకే అక్క, ఒకే తమ్ముడు. ముఖాలు వేరు, ఊళ్లు వేరు, చీరలు వేరు. కింద రాసింది మాత్రం ఒక్కటే: అమ్మ తర్వాత అమ్మ, నాన్న తర్వాత నాన్న, జన్మజన్మల బంధం, దేవుడిచ్చిన వరం. ఆ ఇద్దరూ పొద్దున స్నానాల గది దగ్గర తువ్వాలు కోసం కొట్టుకునే ఉంటారు. ఆ సంగతి ఎవరూ రాయరేం?

పొగడ్త తప్పని నేననడం లేదు. అది ఎవరికైనా సరిపోతుంది, అందుకే ఎవరిదీ కాదు. ఇద్దరి పేర్లూ తీసేసి పక్కింటి వాళ్ల ఫొటో కింద అతికించినా నిలిచే వాక్యం మీ అక్కకు మీరు రాసింది ఎలా అవుతుంది?

మొన్న మా పిన్ని కొడుకు ఒక ఫొటో పంపాడు. పెళ్లి పందిట్లో బంతి. వాడి విస్తరిలోంచి వాళ్ల అక్క బూరె తీసేస్తోంది. వీడు కెమెరా వైపు నిస్సహాయంగా చూస్తున్నాడు. ఇంతకంటే మంచి ఫొటో దొరకదు. "క్యాప్షన్ చూసిపెట్టు పెద్దక్కా" అని కింద ఒక చిత్తు పెట్టాడు: "నా బలం, నా ప్రాణం, అమ్మ తర్వాత అమ్మ. ఏ జన్మకైనా నువ్వే నా అక్కవు కావాలి." కళ్లెదుట దొంగతనం జరుగుతుంటే వీడు హారతి ఇస్తున్నాడు! బొమ్మ ఒకటి చెబుతుంటే మాట ఇంకొకటి చెబితే చదివేవాడు రెండింటినీ నమ్మడు.

తిట్టి పంపాను. రెండోసారి "మా ఇంటి బూరెల దొంగ" అన్నాడు. కొంత నయం, కానీ బూరె తీయడం ఫొటోలోనే కనిపిస్తోంది కదా. కనిపించేదాన్ని మళ్లీ చెప్పకూడదన్నది పత్రికల్లో ఫొటోల కింద రాసేవారు మొదట నేర్చుకునే పాఠం. పైగా ఆ మాట ఆ మధ్యాహ్నంతో అయిపోతుంది. ముప్పై ఏళ్ల పోరు అందులో లేదు.

"చిన్నప్పటి నుంచీ అక్క నిన్ను ఏమని ఏడిపించేది?" అని అడిగాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "నన్ను తవుడుకు కొన్నారని."

అదిగో, అది కావాలి. తెలుగు ఇళ్లలో తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ ఏడిపించడానికి ఇంతకంటే పాత ఆయుధం లేదనుకుంటాను. "నువ్వు మా ఇంట్లో పుట్టలేదు, తవుడిచ్చి కొన్నాం" అనగానే ఎంతటి మొండివాడైనా బావురుమని అమ్మ దగ్గరకు పరుగెత్తాల్సిందే. ఈ మాట వెనక ఒక పాత ఆచారం ఉంది. వరుసగా బిడ్డలు దక్కకుండా పోయిన ఇంట్లో మళ్లీ కాన్పు అయితే, ఆ పసిగుడ్డును పరాయివాళ్ల చేతికిచ్చి, కాస్త తవుడు పోసి తిరిగి కొనుక్కునేవారు. ఇది విలువలేని సరుకు, దీని మీద కన్నేయకు అని మృత్యువును ఏమార్చే ఉపాయం అది. అలా కొన్న బిడ్డకు తవిటయ్య అనో తవిటమ్మ అనో పేరు పెట్టేవారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు తవిటినాయుడు అన్న పేరు నేటికీ వింటాం. పెంటకుప్ప మీద పడుకోబెట్టి తెచ్చుకున్నవాళ్లు పెంటయ్యలు, పెంటమ్మలు అయ్యారు. ఎంతో ముద్దున్న చోటే పేరు అంత చవకగా ఉండేది. దిష్టి తగులుతుందని బిడ్డను నోరారా పొగడని ఇళ్లు మనవి. ఆ ఇళ్లలో పెరిగినవాళ్లం, అక్క మీద ప్రేమను "నా ప్రాణం" అని రాస్తే ఎబ్బెట్టుగా ఉండదా?

అయితే ఆయుధం దొరికినంత మాత్రాన క్యాప్షన్ రాదు. వాడి మూడో చిత్తు చూడండి: "చిన్నప్పటి నుంచి తవుడుకు కొన్నారని ఏడిపిస్తూ, నా వాటా అంతా తినేస్తూ, అయినా నన్ను ఎంతో ప్రేమించే మా అక్క." అన్నీ ఉన్నాయి, "అయినా" దగ్గర కూలిపోయింది. ఏడిపించినందుకు భయపడి సంజాయిషీ ఇచ్చుకున్నట్టుంది. ప్రేమ ఉందని ఫొటో చూసినవాడికి తెలుసు. ఆమె అడగకుండా అతని విస్తరిలో చెయ్యి పెట్టింది, అతను ఆ చెయ్యి తోసేయలేదు. ఇంకేం సాక్ష్యం కావాలి?

"అయినా" నుంచి చివరి దాకా కొట్టేశాం. "చిన్నప్పటి నుంచి" కూడా తీసేశాం, ఎందుకంటే ఆ పని "ఇంకా" అన్న చిన్న మాట చేస్తుంది. గతం చెప్పనక్కర్లేదు, ఆగలేదని చెబితే చాలు, వెనక ఉన్న ఏళ్లన్నీ వాటంతటవే వస్తాయి. "కొన్నారు" బదులు "కొన్నారట" అన్నాం. ఆ "ట" ఉంటే నేరం మోపినవాళ్లు ఎవరో తెలుస్తుంది, తను నమ్మలేదనీ తెలుస్తుంది. చివరికి మిగిలింది ఇది:

"తవుడిచ్చి కొన్నారట నన్ను. అక్క ఇంకా వసూలు చేస్తోంది."

ఇప్పుడు ఫొటోలోని బూరెకు అర్థం మారింది. అది దొంగతనం కాదు, బాకీ. మాటలో బూరె లేదు, బొమ్మలో తవుడు లేదు. రెండూ కలిస్తేనే కథ. వేటు వేసే మాట చివర పడింది కనుక నవ్వు కూడా చివరే వస్తుంది. "వసూలు చేస్తోంది అక్క ఇంకా" అని తిప్పి చదవండి, పస తగ్గిపోతుంది.

ఇన్‌స్టాగ్రామ్‌లో 2,200 అక్షరాల దాకా రాసుకోవచ్చు. కానీ తెర మీద ముందు కనిపించేవి మొదటి ఒకటి రెండు వరుసలే, మిగతాదంతా తడితే గాని తెరుచుకోదు. ఎగతాళిని తలుపు వెనక దాచి ఏం లాభం?

ఒక్క విషయంలో మాత్రం నేను కఠినం. ఆటపట్టించడానికి ఎంచుకునేది చిన్న నేరమై ఉండాలి: బస్సులో కిటికీ పక్క సీటు, మామిడిపండు టెంక, పాల మీద మీగడ, అమ్మకు చాడీలు. రంగు, లావు, తప్పిన పరీక్ష, కుదరని పెళ్లి, పోయిన ఉద్యోగం వద్దు. ఇంట్లో నవ్వుకున్నా సరే వద్దు. ఆ ఫొటోను అక్క అత్తగారు చూస్తారు, ఆడబిడ్డ చూస్తుంది, తమ్ముడి ఆఫీసువాళ్లు చూస్తారు. ఇంకో మాట. చిన్నవాళ్లు పెద్దవాళ్ల పెత్తనాన్ని వెక్కిరిస్తే అందంగా ఉంటుంది. బాగా స్థిరపడిన అన్న ఇంకా దారి వెతుక్కుంటున్న తమ్ముడి బద్ధకం మీద జోకు వేస్తే అది వెక్కిరింత కాదు, పదిమందిలో చేసిన అవమానం. నవ్వుతున్న బొమ్మలు ఎన్ని పెట్టినా అది మానదు.

మీ మాట పనిచేసిందో లేదో కామెంట్లలో తెలుస్తుంది. "సూపర్", "చూడముచ్చటగా ఉన్నారు" అని స్నేహితులు మాత్రమే రాస్తే అది పండలేదు. అవతలి తోబుట్టువు ఊరుకోలేక తిరగబడాలి. మా వాడు పెట్టిన కాసేపటికే అక్క వచ్చింది: "ఆ తవుడు గేదెకు పెట్టి ఉంటే పాలైనా వచ్చేవి." వాడు జవాబు వెతుక్కునేలోపు, ఎప్పుడూ కామెంట్ల జోలికి రాని మా పిన్ని దిగింది:

"తవుడు కాదే, నూకలు. ధర తగ్గించి చెప్పకు."